మినిట్స్‌లో సవరణ: డైరెక్టర్‌కు రాసే ఉత్తరంపై అపోహలు - వాస్తవాలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం ప్రాంతాల్లో చిన్న, మధ్యస్థాయి ప్రైవేటు లిమిటెడ్ కంపెనీల వ్యవహారాలు చూసే కంపెనీ సెక్రటరీని నేను. ఇక్కడి బోర్డుల్లో చాలావరకు బంధువులో, పాత స్నేహితులో కూర్చుంటారు. చర్చ తెలుగులో మొదలై ఒడియాలోకి వెళ్లి మళ్లీ తెలుగులోకి వస్తుంది. అంతా మనవాళ్లే కదా అనే ధీమాతో, సమావేశంలో జరిగినదాన్ని నమోదు చేసే మినిట్స్‌ను చాలామంది తేలికగా తీసుకుంటారు. డ్రాఫ్టు అందరికీ వెళ్లిన తర్వాత ఒక డైరెక్టర్ "ఇది ఇలా జరగలేదు" అన్నప్పుడు మాత్రం ఏం చేయాలో ఎవరికీ తోచదు. అప్పుడు కంపెనీ సెక్రటరీ ఆ డైరెక్టర్‌కు రాయవలసిన ఉత్తరం గురించే ఇక్కడ చెబుతున్నాను.

ఈ మధ్య ఒక తోటి సెక్రటరీ ఇలాంటి వ్యవహారంలో నా సలహా అడిగారు. ఆయన పనిచేసేది జీడిపప్పు కంపెనీలో. అక్కడ నలుగురు డైరెక్టర్లు. వేసవిలో కొన్న జీడి పిక్కలే ఏడాది పొడవునా మిల్లును నడపాలి కాబట్టి, బ్యాంకులో వర్కింగ్ క్యాపిటల్ అప్పు పరిమితిని 3 కోట్ల నుంచి 5 కోట్ల రూపాయలకు పెంచాలన్నది జూలై 4 నాటి బోర్డు సమావేశంలో 6వ అంశం. పర్లాకిమిడిలో ఉండే పెద్ద డైరెక్టర్ వీడియో ద్వారా పాల్గొన్నారు. జూలై 12న డ్రాఫ్టు మినిట్స్ ఈమెయిల్‌లో వెళ్లాయి. ఆఫీసులో పాత సమావేశపు ఫైలునే తెరిచి వివరాలు మార్చి కొత్తది తయారు చేయడంతో "ఏకగ్రీవంగా ఆమోదించారు" అనే మాట అందులో అలాగే ఉండిపోయింది. 17న ఆ డైరెక్టర్ ఫోను చేసి, "నేను ఒప్పుకోలేదు కదా బాబూ, ఏకగ్రీవం అని ఎలా రాశారు?" అని అడిగారు.

అపోహ: డ్రాఫ్టు పంపేశాం కాబట్టి ఇక మార్చకూడదు.

వాస్తవం: మార్చవలసినవి మార్చడానికే డ్రాఫ్టు పంపుతారు. కంపెనీల చట్టం, 2013లోని సెక్షన్ 118 ప్రకారం సమావేశం ముగిసిన 30 రోజుల్లో మినిట్స్ పుస్తకంలోకి ఎక్కాలి. కంపెనీ సెక్రటరీల ఇన్‌స్టిట్యూట్ జారీ చేసిన ఎస్ఎస్-1 ప్రమాణం ఆ 30 రోజుల్లోనే రెండు మెట్లు పెట్టింది. 15 రోజుల్లోగా డ్రాఫ్టు డైరెక్టర్లందరికీ చేరాలి. పంపిన 7 రోజుల్లోగా వారు తమ వ్యాఖ్యలను రాతపూర్వకంగా తెలపాలి. స్పీడ్ పోస్టులోనో కొరియర్‌లోనో పంపితే మరో రెండు రోజులు కలుపుకోవచ్చు. వానాకాలంలో గజపతి జిల్లా లోపలి ఊళ్లకు పంపేటప్పుడు ఆ రెండు రోజులు నిజంగానే అక్కరకు వస్తాయి.

మన ఉదాహరణలో 12న డ్రాఫ్టు వెళ్లింది కాబట్టి వ్యాఖ్యలకు 19 వరకు గడువుంది. పుస్తకంలో నమోదుకు ఆఖరి రోజు ఆగస్టు 3. అంటే 17న వచ్చిన అభ్యంతరం గడువులోనే వచ్చింది. 19 దాటి వచ్చి ఉంటే దాన్ని పరిశీలించాలా వద్దా అన్నది చైర్మన్ విచక్షణ. అది కూడా బోర్డు ఆయనకు ఆ అధికారం ఇచ్చి ఉంటేనే.

అపోహ: ఆయన ఫోనులో చెప్పారు, మనం దిద్దేశాం, పని అయిపోయింది.

వాస్తవం: ఈ అపోహ వల్ల జరిగే నష్టమే అన్నిటికన్నా ఎక్కువ. ఫోను మాట మీద దిద్దిన మినిట్స్‌ను రేపు మరో డైరెక్టర్ ప్రశ్నిస్తే సెక్రటరీ చేతిలో చూపించడానికి ఏమీ ఉండదు. కాబట్టి మొదట ఆ పెద్దాయనను రెండు వాక్యాలు ఈమెయిల్‌లో రాయమన్నాం. అదే రోజు పంపారు.

తర్వాత చేయవలసింది జరిగినదాన్ని సరిచూసుకోవడం. సెక్రటరీ చేతిరాత నోట్సు ఉంది. సమావేశం వీడియో ద్వారా జరిగింది కాబట్టి రికార్డింగు కూడా ఉంది. బోర్డు సమావేశాల నియమాల ప్రకారం ఆ రికార్డింగును కనీసం ఆ సంవత్సరపు ఆడిట్ పూర్తయ్యేదాకా భద్రపరచాలి. అందులో ఆయన మాటలు స్పష్టంగా వినిపించాయి: "గోదాము స్టాకు లెక్క చూపకుండా పరిమితి పెంచడానికి నేను ఒప్పుకోను. మీ ముగ్గురికీ సమ్మతమైతే కానివ్వండి." రెండో వాక్యం విని కొందరు దీన్ని అంగీకారంగా లెక్కవేస్తారు. కానీ మొదటి వాక్యంలో ఆయన తన నిర్ణయం చెప్పేశారు. రెండోది మెజారిటీకి అడ్డుపడనని చెప్పడం మాత్రమే. వీడియో సమావేశంలో ప్రతి అంశం చివర చైర్మన్ నిర్ణయ సారాంశాన్ని, అంగీకరించని డైరెక్టర్ల పేర్లతో సహా, ప్రకటించాలని నియమం ఉంది. ఆ రోజు అది జరగలేదు. జరిగి ఉంటే ఈ తకరారే వచ్చేది కాదు.

ఇవన్నీ చూసుకున్నాకే ఉత్తరం. దీనికి చట్టం ప్రత్యేక నమూనా ఏదీ ఇవ్వలేదు. మేము తయారు చేసినది, పేర్లు తీసేసి, ఇలా ఉంది:

> గౌరవనీయులైన డైరెక్టర్ గారికి,
>
> జూలై 4న జరిగిన బోర్డు సమావేశపు డ్రాఫ్టు మినిట్స్‌లో 6వ అంశంపై మీరు జూలై 17న ఈమెయిల్ ద్వారా తెలిపిన వ్యాఖ్య అందింది. నా నోట్సుతోను, సమావేశపు రికార్డింగుతోను సరిచూశాను.
>
> పంపిన డ్రాఫ్టులో ఉన్నది: "చర్చించిన మీదట బోర్డు ఈ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది."
>
> ప్రతిపాదిస్తున్న సవరణ: "చర్చించిన మీదట బోర్డు ఈ తీర్మానాన్ని మెజారిటీతో ఆమోదించింది. గోదాము స్టాకు లెక్క చూపకుండా పరిమితి పెంచడానికి తాను అంగీకరించడం లేదని శ్రీ ... గారు తెలిపారు."
>
> తీర్మానం పాఠంలోను, మినిట్స్‌లోని మిగతా అంశాల్లోను ఏ మార్పూ లేదు.
>
> పై సవరణ ఆ రోజు మీరు తెలిపిన అభిప్రాయాన్ని సరిగా నమోదు చేస్తున్నదో లేదో జూలై 22లోగా రాతపూర్వకంగా ధ్రువీకరించగలరు. మార్పు అవసరమనిపిస్తే మీరు కోరే వాక్యాన్నే రాసి పంపగలరు. ఈ ఉత్తరం నకలును చైర్మన్ గారికి పంపుతున్నాను.

ఇందులో పాత వాక్యం, కొత్త వాక్యం రెండూ పూర్తిగా ఉన్నాయి. "మీరు చెప్పినట్టు సరిచేశాం, చూసుకోండి" అని రాసి కొత్త డ్రాఫ్టు జతచేస్తే ఆయన పదిహేను పేజీలు వెతుక్కోవాలి. పైగా మిగతాచోట్ల ఏమైనా మార్చారేమోననే అనుమానమూ వస్తుంది. మిగతా అంశాల్లో మార్పు లేదన్న వాక్యాన్ని నేను ఎప్పుడూ వదలను. ఇంకొకటి, అడిగిన ప్రశ్న "మీకు ఇష్టమేనా" అని కాదు, "ఆ రోజు జరిగినదాన్ని ఇది సరిగా చెబుతున్నదా" అని.

అపోహ: సవరణ కోరిన డైరెక్టర్ ఏం రాయమంటే అది రాయాలి.

వాస్తవం: జవాబులో పెద్దాయన సవరణను ధ్రువీకరిస్తూ, మరో వాక్యం కూడా చేర్చమన్నారు: ఈ అప్పు వల్ల కంపెనీ నష్టాల్లో పడుతుందని తాను హెచ్చరించినట్టు. రికార్డింగులో ఆ మాట లేదు. ఆయనకు ఆ భయం నిజంగానే ఉండి ఉండవచ్చు. అది తర్వాత కలిగిన ఆలోచన కూడా కావచ్చు. మినిట్స్ ఆ సమావేశంలో జరిగినదాని సరైన, న్యాయమైన సారాంశంగా ఉండాలని చట్టం అంటుంది. అక్కడ పలకని మాటకు అందులో చోటు లేదు. ఆ సంగతిని మర్యాదగా రాసి, ఆయన అభిప్రాయాన్ని విడిగా ఉత్తరంగా ఇస్తే వచ్చే సమావేశంలో బోర్డు ముందు పెడతామని చెప్పాం. ఆయన ఒప్పుకున్నారు.

అపోహ: అసమ్మతిని రాయాలా వద్దా అన్నది చైర్మన్ ఇష్టం.

వాస్తవం: చైర్మన్ గారు ఈ సవరణకు వెంటనే ఒప్పుకోలేదు. మినిట్స్‌లో ఏది ఉండాలో నిర్ణయించే సంపూర్ణ విచక్షణ తనదేనని ఆయన వాదన. ఆ విచక్షణ ఉన్నమాట నిజమే. కానీ చట్టం దానికి కారణాలను కూడా చెప్పింది. ఒకరి పరువుకు భంగం కలిగించేవి, చర్చకు సంబంధం లేనివి లేదా ముఖ్యం కానివి, కంపెనీ ప్రయోజనాలకు హాని చేసేవి వదిలేయవచ్చు. తీర్మానంతో ఏకీభవించని డైరెక్టర్ల పేర్లు నమోదు చేయాలని మాత్రం అదే సెక్షన్ 118 విడిగా, స్పష్టంగా చెబుతోంది. రేపు ఆ అప్పు మీద వివాదం వస్తే, తాను ఒప్పుకోలేదని ఆ డైరెక్టర్ చూపించగలిగే మొదటి ఆధారం ఆ ఒక్క వాక్యమే. దాన్ని తీసేస్తే ఆయన రక్షణను మనం తీసేసినట్టే.

చైర్మన్ గారి అసలు బెంగ బ్యాంకు గురించి. అసమ్మతి చూస్తే మేనేజరు వెనకాడతారేమోనని ఆయన భయం. ఈ తీర్మానం 3-1 మెజారిటీతో నెగ్గింది, చెల్లుబాటుకు అంతే చాలు. సమావేశంలో తీర్మానం పాఠాన్ని ముందే ఉంచి ఉంటే, మినిట్స్ పుస్తకంలో ఎక్కకముందే దాని ధ్రువీకృత నకలును బ్యాంకుకు ఇవ్వవచ్చు. సవరణ తీర్మానం పాఠాన్ని తాకలేదు కాబట్టి ఆ నకలులో మార్చవలసినదేమీ లేదు. ఇది విన్నాక ఆయన సరేనన్నారు. "ఏకగ్రీవం" అన్న మాట ఆ నకలులో కూడా ఉండకూడదని మాత్రం గట్టిగా చెప్పాను.

అపోహ: ఉత్తరానికి జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే.

వాస్తవం: 7 రోజుల్లో ఏమీ రాయకపోతే ఆమోదించినట్టు భావించేది పంపిన డ్రాఫ్టు విషయంలో. అభ్యంతరం చెప్పిన మనిషి, మనం రాసిన కొత్త వాక్యానికి మౌనంగా ఉంటే ఆ మౌనాన్ని అంగీకారమని నేను రాసుకోను. మళ్లీ గుర్తుచేస్తాను. అప్పటికీ జవాబు లేకపోతే ఆయన మొదటి ఈమెయిల్‌ను, నోట్సును, రికార్డింగును చైర్మన్ ముందుంచి, ఆయన నిర్ణయం ప్రకారం 30 రోజుల్లోపు నమోదు చేయిస్తాను. ఆ గడువు ఎవరి జవాబు కోసమూ ఆగదు.

మన ఉదాహరణలో 22నే ధ్రువీకరణ వచ్చింది. 23న, సవరించిన వాక్యాన్ని స్పష్టంగా గుర్తుపెట్టిన డ్రాఫ్టు మిగతా ముగ్గురికీ వెళ్లింది. ఒక డైరెక్టర్ అభ్యంతరంతో మారిన మాట మిగతావారికి తెలియకుండా పుస్తకంలోకి వెళ్లకూడదన్నది నా పద్ధతి. 29న నమోదు పూర్తయింది.

అపోహ: వచ్చే సమావేశంలో ఎలాగూ ఖరారు చేస్తారు కదా, అప్పుడు దిద్దవచ్చు.

వాస్తవం: తర్వాతి సమావేశం గత మినిట్స్‌ను గమనంలోకి తీసుకుంటుంది, అంతే. రెండు సమావేశాల మధ్య సాధారణంగా 120 రోజుల వరకు వ్యవధి ఉండవచ్చు. నమోదుకు ఉన్నది 30 రోజులు. ఒకసారి పుస్తకంలో ఎక్కిన మినిట్స్‌ను మార్చాలంటే తర్వాతి సమావేశంలో బోర్డు స్పష్టంగా ఆమోదించాలి. పాత పేజీ మీద కొట్టివేతలు, తెల్లరంగు పూతలు, పేజీ తీసి కొత్తది అతికించడం ఏవీ పనికిరావు. మినిట్స్‌ను తారుమారు చేసినట్టు రుజువైతే రెండేళ్ల వరకు జైలు, 25 వేల నుంచి లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి.

డ్రాఫ్టు పంపినట్టు, అది చేరినట్టు ఆధారాలను కనీసం మూడేళ్లు ఉంచాలని ఎస్ఎస్-1 చెబుతుంది. పెద్దాయన ఈమెయిల్, మన ఉత్తరం, ఆయన ధ్రువీకరణ, 23 నాటి డ్రాఫ్టు, ఈ నాలుగింటినీ అదే ఫైలులో, అదే వరుసలో పెట్టమని ఆ సెక్రటరీకి చెప్పాను.