అడగక తప్పని రాజు: ఇంగ్లండు పార్లమెంటు ఖజానా తాళం ఎలా చేజిక్కించుకుంది

ప్రజల పన్నులతో నడిచే ప్రభుత్వాలు ప్రజలకు జవాబు చెప్పే అలవాటు ఎందుకు చేసుకుంటాయో తెలియాలంటే 17వ శతాబ్దపు ఇంగ్లండు చరిత్ర చూడాలి. అక్కడ రాజులు పార్లమెంటును అడగకుండా డబ్బు సంపాదించే దారులను ఒకటి తరువాత ఒకటిగా వెతికారు. ఒక్కో దారి మూసుకుపోయిన కొద్దీ పార్లమెంటు బలం పెరిగింది.

మొదటి చార్లెస్ 1629 నుంచి 11 ఏళ్లపాటు పార్లమెంటును పిలవలేదు. తీరప్రాంతాలు యుద్ధ సమయంలో నౌకల కోసం చెల్లించే పాత ‘ఓడల పన్ను’ను 1634లో శాంతికాలంలోనే తిరగదోడి, మరుసటి ఏడాది సముద్రమే లేని లోతట్టు జిల్లాలకూ విస్తరించాడు. బకింగ్‌హామ్‌షైర్‌కు చెందిన జాన్ హాంప్‌డెన్ అనే భూస్వామి తన వంతు 20 షిల్లింగులు కట్టనని నిరాకరించాడు. ఆయనకు అది పెద్ద మొత్తం కాదు. ఎవరి అనుమతితో అడుగుతున్నారన్నదే ఆయన ప్రశ్న. 12 మంది న్యాయమూర్తులలో ఏడుగురు రాజు పక్షాన, ఐదుగురు హాంప్‌డెన్ పక్షాన నిలిచారు. రాజు గెలిచాడు గానీ, అంత స్వల్ప తేడాతో దక్కిన తీర్పు జనంలో భయం పోగొట్టింది. 1639 నాటికి వసూళ్లు కుప్పకూలాయి. స్కాట్లండుతో యుద్ధం వచ్చిపడటంతో 1640లో చార్లెస్ పార్లమెంటును పిలవక తప్పలేదు.

అయితే పన్నులు పడినంత మాత్రాన జవాబుదారీతనం వస్తుందనుకోవడం పొరపాటు. 1685లో రెండవ జేమ్స్ గద్దెనెక్కినప్పుడు పార్లమెంటు ఉదారంగా కస్టమ్స్, ఎక్సైజ్ రాబడులను ఆయనకు జీవితకాలానికి రాసిచ్చింది. వాణిజ్యం పుంజుకొని ఆ రాబడి ఏడాదికి సుమారు 20 లక్షల పౌండ్లకు చేరింది. కట్టింది ప్రజలే అయినా, రాజు మళ్లీ వచ్చి అడగాల్సిన అవసరం లేకపోయింది. 1685 నవంబరులో సభను వాయిదా వేసిన జేమ్స్ ఆ తరువాత దాన్ని సమావేశపరచనే లేదు. ఆ డబ్బుతోనే సైన్యాన్ని పెంచుకున్నాడు. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో అసలు కీలకం ఇక్కడే ఉంది. ప్రభుత్వాన్ని కట్టడి చేసేది పన్ను పరిమాణం కాదు, దాని గడువు. నేడు చమురు అమ్ముకొని బతికే ప్రభుత్వాలకు పౌరులను బతిమాలుకోవాల్సిన పని పెద్దగా ఉండకపోవడానికీ మూలం ఇదే.

1688లో జేమ్స్ దేశం విడిచి పారిపోయాడు. ఆ పాఠం మరచిపోని సభ్యులు, పార్లమెంటు ఆమోదం లేకుండా పన్ను వసూలు చేయడం చట్టవిరుద్ధమని 1689లో హక్కుల చట్టంలో రాయించారు. 1690లో కొత్త రాజు మూడవ విలియమ్‌కు కస్టమ్స్ రాబడిని నాలుగేళ్లకే మంజూరు చేశారు. ఫ్రాన్సుతో యుద్ధం సాగుతుండగా ఏటా డబ్బు అవసరమైంది కాబట్టి ఏటా సభ కూడింది. ఇచ్చిన సొమ్ము దేనికి ఖర్చయిందో పద్దులు తిరగేసి చూడటానికి సభ 1691లో తన సభ్యులతోనే ఒక సంఘాన్ని నియమించింది.

దీనివల్ల ప్రభుత్వం బలహీనపడలేదు సరికదా, ఆ యుద్ధకాలంలో పన్నుల రాబడి ఏడాదికి సగటున 36 లక్షల పౌండ్లు దాటింది. తమ ప్రతినిధులు ఒప్పుకున్న పన్నును జనం ఎంతో కొంత సహించారు. వసూలు యంత్రాంగమూ మెరుగుపడింది. ఎక్సైజ్ వసూలును ఇజారాకు ఇచ్చే పద్ధతి 1683లోనే పోయి జీతగాళ్లైన ఉద్యోగులు వచ్చారు. సారాబట్టీలకూ బీరు కాచే చోట్లకూ ఆ ఉద్యోగి కొలబద్ద పట్టుకొని వెళ్లి, తొట్టెలో ద్రవం ఎంత లోతుందో కొలిచి, అక్కడికక్కడే పుస్తకంలో రాసుకునేవాడు. పైఅధికారి తరువాత వచ్చి మళ్లీ కొలిచి ఆ అంకెలతో సరిపోల్చేవాడు. ఊరివాళ్లతో కుమ్మక్కు కాకుండా ఉద్యోగులను చోటు మార్చేవారు.

ఈ ఒప్పందంలో అందరికీ చోటు లేదన్నది దాచకూడని నిజం. ఓటున్నది కొద్దిమంది ఆస్తిపరులకే. బీరుపై పడిన సుంకం మాత్రం ఓటు లేని కూలివాడూ కట్టాడు. పైగా బేరమాడే శక్తి సొమ్మును దాచగలిగినవాడికీ, తరలించగలిగినవాడికీ, కట్టకుండా నిలబడగలిగినవాడికీ ఎక్కువ. భూమిని దాచలేం, తరలించలేం. అందుకే బ్రిటిషు పాలకులు మన రైతుల నుంచి శిస్తును ఏ సభ అనుమతీ లేకుండా, జప్తులూ వేలాలూ చూపించి దశాబ్దాలపాటు పిండుకోగలిగారు. 1921–22లో గుంటూరు జిల్లా పెదనందిపాడు ప్రాంత రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో శిస్తు కట్టడం మానేశారు, గ్రామోద్యోగులు రాజీనామా చేశారు. ఊళ్లో లెక్కలు రాసేవాడూ, వసూలు చేసేవాడూ లేకపోయేసరికి అక్కడ శిస్తు రావడం దాదాపు ఆగిపోయింది. ప్రభుత్వం బలగాలను దించి, ఆస్తులు జప్తు చేయడానికి పూనుకోవాల్సి వచ్చింది.