రెజ్యూమేలో ‘అడ్వాన్స్‌డ్ ఎక్సెల్’: ఎంతవరకు నమ్మాలి? అపోహలు - వాస్తవాలు

గుంటూరులో మిర్చి వ్యాపారులకు, కోల్డ్ స్టోరేజీలకు అకౌంట్స్ ఉద్యోగులను చూసిపెట్టడం నా పని. ‘అడ్వాన్స్‌డ్ ఎక్సెల్’ అన్న మాట లేని రెజ్యూమే నా దగ్గరకు రావడం అరుదు.

అపోహ: ఎన్ని ఫార్ములాల పేర్లు రాస్తే అంత పని వచ్చినట్టు.

వాస్తవం: ఆ పేర్లన్నీ ఏ కోచింగ్ సెంటర్ కరపత్రంలోనైనా ఉంటాయి. అవి ఉద్యోగ అనుభవం రాసిన చోట మళ్లీ కనిపిస్తాయా అన్నది నేను చూస్తాను. పైన VLOOKUP, పివోట్ టేబుల్, మాక్రోలు అని వరుసగా రాసి, కింద ‘రోజువారీ రిపోర్టులు తయారు చేశాను’ అని సరిపెడితే పై వరుసకు ఆధారం లేనట్టే.

దానికి భిన్నంగా, ఒక అభ్యర్థి ఇలా రాశారనుకుందాం: ‘నాలుగు కోల్డ్ స్టోరేజీల స్టాకు ఫైళ్లను పవర్ క్వెరీతో ఒకే పట్టికగా కలిపి, లాట్ నంబర్ల ఆధారంగా బిల్లులతో సరిచూశాను. కొన్ని ఫైళ్లలో లాట్ నంబర్లు టెక్స్ట్‌గా ఉండి కలవకపోతే సరిచేశాను.’ ఇందులో సరుకు ఉంది, పద్ధతి ఉంది, ఎదురైన చిక్కు కూడా ఉంది. 4512 అన్నది ఒక ఫైలులో అంకెగా, మరో ఫైలులో టెక్స్ట్‌గా ఉంటే కంటికి ఒకటే, పట్టికలో విలువను వెతికి తెచ్చే VLOOKUPకు మాత్రం వేర్వేరు, ఫలితం ‘దొరకలేదు’ అని చెప్పే #N/A. నెలాఖరున బస్తాల లెక్క తేలక తల పట్టుకున్నవారికి ఈ చిక్కు బాగా తెలుసు.

అయినా ఆ వాక్యాన్ని ఎవరో రాసిచ్చి ఉండవచ్చు. అందుకే ఇంటర్వ్యూలో ఈ ఫార్ములా చూపిస్తాను:

```
=VLOOKUP(A2,Stock!A:D,4,FALSE)
```

చివరి FALSEను దాని ముందున్న కామాతో సహా తీసేస్తే ఏమవుతుందని అడుగుతాను. ‘ఎర్రర్ వస్తుంది’ అనేవారే ఎక్కువ. నిజానికి అప్పుడు ఎక్సెల్ దగ్గరి విలువతో సరిపెట్టుకుంటుంది. లాట్ నంబర్లు ఆరోహణ క్రమంలో లేకపోతే వేరే లాటు బస్తాలను చూపించవచ్చు, అదీ ఏ ఎర్రర్ లేకుండానే. #N/A కంటే ఇది ప్రమాదం, ఎందుకంటే ఎవరికీ అనుమానం రాదు.

అపోహ: సర్టిఫికెట్ ఉంటే ఇక అడగనక్కర్లేదు.

వాస్తవం: కోర్సు పూర్తిచేసినట్టు ఇచ్చే కాగితం హాజరుకు సాక్ష్యం, అంతే. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ స్పెషలిస్ట్ పరీక్ష వేరు, అందులో ఎక్సెల్‌లోనే పనులు చేసి చూపించాలి. దానికి నేను విలువ ఇస్తాను. కానీ చిందరవందరగా వచ్చే స్టాకు ఫైళ్లతో వేగగలరా అన్నది ఆ పరీక్ష కూడా పూర్తిగా చెప్పలేదు.

అపోహ: ‘80 శాతం సమయం ఆదా చేశాను’ లాంటి అంకె ఉంటే నమ్మవచ్చు.

వాస్తవం: ముందు ఎంత సమయం పట్టేదో, ఏ పనికో చెప్పని శాతం నాకు అక్కరకు రాదు.

తేదీలు చూడండి, అవి ఎక్కువ చెబుతాయి. VLOOKUP చేసే పనికే కొత్తగా తెచ్చిన XLOOKUPను మైక్రోసాఫ్ట్ ప్రకటించింది 2019 ఆగస్టులో. 2018లో మానేసిన ఉద్యోగం కింద ఆ పేరు ఉంటే, అక్కడ వాడి ఉండే అవకాశం లేదు. తర్వాత నేర్చుకున్నది పాత ఉద్యోగం కింద చేరి ఉండవచ్చు కాబట్టి ఆ ఒక్క కారణంతో పక్కన పెట్టను. అప్పట్లో ఆ పనిని దేనితో చేశారని మాత్రం అడుగుతాను. INDEX, MATCH అని వెంటనే చెబితే ఇంటర్వ్యూ కొనసాగిస్తాను.