సున్నా వేగంలో మైనస్ 17 అడుగులు

డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదువుతున్న మా మేనకోడలు ఒక రాత్రి ఫోనుకు ఒక ఫోటో పంపింది. ఒక బోధనా పత్రంలో అచ్చయిన పట్టిక అది. పేజీ వంగి ఉంది, కుడివైపు అంచు మీద ట్యూబులైటు మెరుపు పడింది. “మామయ్యా, దీన్ని మామూలు పాఠకులకు అర్థమయ్యేలా తెలుగులో రాయమన్నారు. నేను రాసింది ఒకసారి చూడండి” అంటూ మూడు వాక్యాలు జతచేసింది.

“కారు వేగం గంటకు ఒక మైలు పెరిగితే ఆగే దూరం 3.93 అడుగులు పెరుగుతుందని రుజువైంది. ఇది తప్పయ్యే అవకాశం దాదాపు సున్నా. ఈ సూత్రం 65 శాతం కచ్చితమైనది.”

చదవడానికి హాయిగానే ఉన్నాయి. చిక్కేమిటంటే, మూడింటిలో ఏదీ పట్టిక చెప్పిన మాట కాదు.

ఆ పట్టికను నేను వెంటనే గుర్తుపట్టాను. 1920లలో కార్లకు బ్రేకు వేసినప్పుడు ఎంత దూరంలో ఆగాయో కొలిచిన 50 కొలతలవి. R అనే గణాంక సాఫ్ట్‌వేర్‌తో పాటే `cars` అన్న పేరుతో వస్తాయి కాబట్టి, కొలతల మధ్యగా ఒక సరళరేఖ గీసి, ఒకటి మారితే ఇంకోటి ఎంత మారుతుందో అంచనా వేసే రిగ్రెషన్ పద్ధతి నేర్చుకున్నవాళ్లలో చాలామందికి పరిచయమే. `speed` గంటకు మైళ్లలో, `dist` అడుగుల్లో ఉంటుంది.

```
            Estimate Std. Error t value Pr(>|t|)
(Intercept) -17.5791     6.7584  -2.601   0.0123 *
speed         3.9324     0.4155   9.464 1.49e-12 ***

Residual standard error: 15.38 on 48 degrees of freedom
Multiple R-squared:  0.6511
F-statistic: 89.57 on 1 and 48 DF
```

అర్థం చెప్పబోయే ముందు అంకెలు సరిగ్గా చదివామా అన్నది తేల్చుకోవాలి. ఫోటోలో 3, 8 కవలపిల్లల్లా కనిపిస్తాయి. మైనస్ గుర్తు కాగితం మడతలో మాయమవుతుంది. అదృష్టవశాత్తూ ఈ పట్టికలో ఒక అంకెకు ఇంకో అంకె సాక్ష్యం పలుకుతుంది. మొదటి నిలువు వరుసను రెండోదానితో భాగిస్తే మూడోది రావాలి. 3.9324ను 0.4155తో భాగిస్తే 9.464 వచ్చింది, సరిపోయింది. 3ను 8గా చదివి ఉంటే 21 దాటేది, పొరపాటు అక్కడే పట్టుబడేది. ఇంకో తనిఖీ కూడా ఉంది. ఇలా ఒకే కారణాంశం ఉన్న పట్టికలో 9.464ను దానితోనే గుణిస్తే అడుగున ఉన్న 89.57 రావాలి, వచ్చింది. ఆ 89.57ను, దానికి 48 కలిపితే వచ్చే 137.57తో భాగిస్తే 0.6511. అదీ కుదిరింది. `1.49e-12`లో మైనస్ పోతే లక్ష కోట్లు దాటిన సంఖ్య అవుతుంది. సంభావ్యత ఒకటిని మించదు కనుక మైనస్ ఉండి తీరాలి. అయితే చివరి దశాంశంలో 5 పడాల్సిన చోట 6 చదివితే ఈ లెక్కలు ప్రతిసారీ పట్టించలేవు. అంత సన్నని తేడాకు మళ్లీ ఫోటో తీయించుకోవడమే దారి.

ఇప్పుడు మొదటి వాక్యం. 3.93 అన్నది ఈ 50 కొలతలు ఇచ్చిన అంచనా మాత్రమే. పక్కనున్న 0.4155 ఆ అంచనా ఎంత అటూఇటూ ఊగగలదో చెబుతుంది. దానికి సుమారు రెండు రెట్లు రెండు వైపులా వదిలితే, అసలు విలువ 3.1కీ 4.8కీ మధ్య ఎక్కడో ఉండవచ్చు. మన కొలతల్లోకి మారిస్తే, వేగం గంటకు 10 కిలోమీటర్లు పెరిగినప్పుడు ఆగే దూరం దాదాపు ఏడున్నర మీటర్లు పెరిగిందన్నమాట. ‘రుజువైంది’ అన్న మాటను నేను కొట్టేశాను.

రెండో వాక్యంలోని పొరపాటు ఆమె ఒక్కదానిది కాదు, పరిశోధకులు కూడా చేసేదే. `1.49e-12` అంటే దశాంశ బిందువు తర్వాత పదకొండు సున్నాలు, ఆపైన 149. అది ‘మన మాట తప్పయ్యే అవకాశం’ కాదు. వేగానికీ ఆగే దూరానికీ నిజంగా ఏ సంబంధమూ లేదని ముందుగా అనుకుందాం. లెక్కకు ఆధారమైన షరతులన్నీ నెరవేరాయనీ అనుకుందాం. అప్పుడు కేవలం యాదృచ్ఛికంగా ఇంత బలమైన సంబంధం, లేదా ఇంతకన్నా బలమైనది, కనిపించే అవకాశం అది. ‘సంబంధం లేదు’ అన్న ఊహ ఈ కొలతలతో బొత్తిగా పొసగదని దాన్నిబట్టి చెప్పగలం. సంబంధం సరళరేఖే అని మాత్రం ఆ అంకె చెప్పదు. మూడు నక్షత్రాలు చూసి మురిసిపోయేవాళ్లు జారిపడేది ఇక్కడే.

సరళరేఖ కాదని అనుమానించడానికి ఆధారం పట్టికలోనే ఉంది. మేనకోడలు అసలు ముట్టుకోని మొదటి అడ్డువరుస చూడండి. వేగం సున్నా అయితే ఆగే దూరం మైనస్ 17.58 అడుగులట! నిలబడి ఉన్న కారు ఆగడానికి వెనక్కి నడవాలి కాబోలు. కొలతల్లో కనిష్ఠ వేగం గంటకు 4 మైళ్లు కనుక సున్నా గురించి ఈ రేఖను అడగడం అన్యాయమే అనవచ్చు. కానీ ఆ 4 మైళ్ల దగ్గర కూడా రేఖ దాదాపు మైనస్ 2 అడుగులు అంటుంది. నిజంగా కొలిచినవి 2, 10 అడుగులు.

కారణం భౌతికశాస్త్రంలో ఉంది. ప్రమాదం చూసి కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపు కారు పోయే దూరం వేగంతో సమానంగా పెరుగుతుంది. బ్రేకు పడ్డాక జారే దూరం మాత్రం వేగపు వర్గంతో పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపయితే దూరం నాలుగింతలు. అందుకే అసలు సంబంధం పైకి వంగే వక్రరేఖ కావాలి. ఈ కొలతలు గంటకు 25 మైళ్ల దగ్గర ఆగిపోయాయి. అంత చిన్న ముక్కలో వంపు సరళరేఖలా కనిపిస్తుంది. ఇదే రేఖను 60 మైళ్ల దాకా సాగదీస్తే 218 అడుగులు వస్తుంది. బ్రేకులు అవే అయితే వంపు ప్రకారం ఇంకా చాలా ఎక్కువ రావాలి.

ఇక 65 శాతం. 0.6511ను కచ్చితత్వం అనకూడదు. ఆగే దూరాల్లో కనిపించిన హెచ్చుతగ్గుల్లో 65 శాతం వేగపు తేడాలతో పాటు నడిచాయి, మిగతా 35 శాతానికి కారణం ఈ పట్టికలో లేదు. కచ్చితత్వం కావాలంటే 15.38 దగ్గరికి వెళ్లాలి. రేఖ చెప్పేదానికీ అసలు కొలతకూ సాధారణంగా ఉండే తేడా అన్ని అడుగులు. గంటకు 24 మైళ్ల వేగంతో కొలిచిన నాలుగు సార్లూ ఆగిన దూరాలు 70, 92, 93, 120 అడుగులు. వేగం ఒకటే, తేడా 50 అడుగులు. 15 మైళ్ల వేగానికి రేఖ 41 అడుగులు అంటుంది గానీ, ఒక్క కారు విషయంలో 10 నుంచి 73 అడుగుల మధ్య ఎక్కడైనా ఆగవచ్చు అనడమే న్యాయం.

చివరికి మేము రాసిన రూపం ఇది: “1920ల నాటి 50 కొలతల్లో, గంటకు 4 నుంచి 25 మైళ్ల వేగాల మధ్య, వేగం ఒక మైలు ఎక్కువగా ఉన్నప్పుడు ఆగే దూరం సగటున సుమారు 4 అడుగులు ఎక్కువగా కనిపించింది. ఇది 3 నుంచి 5 అడుగుల దాకా ఉండవచ్చు. ఒకే వేగంలోనూ కార్లు ఆగిన దూరాలు చాలా తేడాగా ఉన్నాయి కనుక ఏ ఒక్క కారు ఎక్కడ ఆగుతుందో ఇది గట్టిగా చెప్పలేదు. మరీ తక్కువ వేగాలకూ, 25 మైళ్లు దాటిన వేగాలకూ, నేటి కార్లకూ ఈ లెక్క వర్తించదు.”

“మూడు వాక్యాలు కాస్తా నాలుగయ్యాయి మామయ్యా, పదాల పరిమితి దాటుతుందేమో” అంది. ‘మరీ తక్కువ వేగాలకూ’ అన్నది తీసేయనా అని అడిగింది. మైనస్ 2 అడుగుల సంగతి గుర్తుచేశాను. దానికి బదులు ‘సగటున’ పక్కనున్న ‘సుమారు’ తీసేసింది.