బొబ్బలన్నీ రోడ్డు వేడివి కావు: పాదయాత్ర చెప్పుల గురించి అపోహలు - వాస్తవాలు

"రోడ్డు వేడికి కాళ్లు బొబ్బలెక్కాయి, ఇంకాస్త మందం సోల్ వేసివ్వండి."

పాదయాత్రల కాలం మొదలైందంటే నా బల్ల ముందు రోజుకు నలుగురైనా ఈ మాట అంటారు. చెప్పులు కుట్టడం, సరిచేయడం నా పని. యాత్ర దారిలో పాదాలకు కట్లు కట్టే శిబిరంలోనూ ఏటా కొన్ని రోజులు చెయ్యి సాయం చేస్తాను. అందుకని చెప్పునూ చూస్తాను, అందులోంచి బయటికొచ్చిన కాలినీ చూస్తాను. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే పై మాట చాలాసార్లు తప్పని తేలిపోతుంది. తప్పయితే అయింది, ఆ మాట నమ్మి చేయించుకునే చెప్పే మళ్లీ కొత్త బొబ్బలు తెస్తోంది. నా బాధ అదీ.

అపోహ: బొబ్బలు వేడికి వస్తాయి, సోల్ ఎంత మందంగా, మెత్తగా ఉంటే అంత మంచిది

కాలితే వచ్చేదాన్నీ బొబ్బ అనే అంటాం, ఒరుసుకుంటే వచ్చేదాన్నీ బొబ్బ అనే అంటాం. చిక్కంతా అక్కడే ఉంది. కాలిన బొబ్బ నేలకు ఆనిన చోట వస్తుంది: మడమ కింద, వేళ్ల మొదళ్ల కింద, వేళ్ల కొసల కింద. రెండు కాళ్లకూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. అరికాలి మధ్యలో నేలకు తగలని గుంట భాగం శుభ్రంగా ఉంటుంది. ఇది చెప్పు వేసుకుని నడిచినవాళ్లకు అరుదు. చెప్పు విప్పి ఎండలో కాగిన రాతి నేల మీదో, తారు మీదో నడిచినవాళ్లకే ఎక్కువ. ఒరుపు బొబ్బ అలా కాదు. మడమ వెనక, మడమ అంచున, బొటనవేలి మొదట్లో, చిటికెన వేలి పక్కన, వేళ్ల సందుల్లో వస్తుంది. తరచూ ఒక కాలికి ఎక్కువ, రెండో కాలికి తక్కువ. శిబిరంలో నేను చూసేవాటిలో ఎక్కువ భాగం ఈ రెండో రకమే.

ఒరుపు అంటే పైపైన గీసుకుపోవడం అనుకుంటారు. కాదు. చర్మం చెప్పుకు పట్టుకుని అక్కడే ఉండిపోతుంది, లోపలి ఎముక మాత్రం అడుగడుగుకీ ముందుకూ వెనక్కూ జరుగుతుంది. మధ్యలో ఉన్న చర్మం పొరలు వేల అడుగుల పాటు అటూ ఇటూ సాగి చివరికి విడిపోతాయి, ఆ సందులోకి నీరు చేరుతుంది. చెమటకు చెమ్మగిల్లిన చర్మం పొడి చర్మం కంటే గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి పని ఇంకా త్వరగా అయిపోతుంది. ఇందులో వేడి పాత్ర కూడా ఉంది, కాదనను. చెమట పట్టించేది అదే కదా. కానీ దాన్ని సోల్ మందంతో ఆపలేం.

ఇది నాకు పుస్తకం చదివి తెలియలేదు, ఒక మనిషి కాళ్లు పాడుచేసి తెలుసుకున్నాను. పని నేర్చుకున్న కొత్తలో యాభై దాటిన ఒకాయన వచ్చారు. అయిదు రోజుల నడక, రోజుకు పాతిక కిలోమీటర్లు. "వేడి తగలకుండా చెయ్యి బాబూ" అన్నారు. ఆయన పాత శాండల్ మీదే 10 మిల్లీమీటర్ల మెత్తటి స్పాంజి అంటించి ఇచ్చాను. వేసుకుని నాలుగడుగులు వేసి "మేఘం మీద నడిచినట్టుంది" అన్నారు, నేను పొంగిపోయాను. రెండో రోజు సాయంత్రానికి ఆయన్ని ఎవరో బండి ఎక్కించి వెనక్కి పంపారు. రెండు మడమల వెనకా చర్మం లేచిపోయింది, కుడి బొటనవేలి మొదట్లో రూపాయి బిళ్లంత బొబ్బ. అరికాలు మాత్రం ఎక్కడా కాలలేదు.

ఆ చెప్పు నా దగ్గరే ఉంచుకుని చూశాను. లోపలి అట్ట మీద వేళ్ల అచ్చులు ఉండాల్సిన చోట నల్లగా, నున్నగా, పొడుగ్గా పూసినట్టు ఒక మరక ఉంది. అంటే కాలు ఒకచోట నిలవలేదు, ప్రతి అడుగుకీ జారింది. కారణం నేను వేసిన స్పాంజే. అది పాదాన్ని 10 మిల్లీమీటర్లు పైకి లేపింది, దాంతో మీది పట్టీ బిగుసుకుంది, వెనక పట్టీ అంచు ఉండాల్సిన చోటు తప్పి మడమ ఎముక మీద కూర్చుంది. మెత్తగా ఉండటం వల్ల అడుగు వేసిన ప్రతిసారీ పాదం లోపలికి దిగి పక్కకు ఒరిగింది. పైగా మధ్యాహ్నానికి మడమ కింద స్పాంజి నలిగి అట్టముక్కలా అయిపోయింది. నురుగు సోల్ వేడిని ఆపేది అందులో ఉన్న గాలి వల్ల. గాలి పోయాక ఇక ఆపడానికి ఏముంది?

మరి వేడి ఆపడానికి ఎంత కావాలి? గాలిలో 40 డిగ్రీలు ఉన్న ఎండపూట తారు రోడ్డు 60 దాటడం మామూలే. అయినా నడిచేటప్పుడు అడుగు నేల మీద ఉండేది సెకనులోపు, మళ్లీ గాలిలోకి లేస్తుంది. కింద 3, 4 మిల్లీమీటర్ల గట్టి రబ్బరు, దాని మీద మడమ దగ్గర 15 మిల్లీమీటర్ల వరకు బిగువైన నురుగు ఉంటే నడకకు సరిపోతుంది. బిగువు చూడటానికి మడమ భాగంలో బొటనవేలితో గట్టిగా పది లెక్కపెట్టేదాకా నొక్కండి. తీయగానే గుంట పూడిపోవాలి. నెమ్మదిగా పూడినా, గుర్తు మిగిలినా ఆ సోల్ మూడో రోజుకు నలిగిపోతుంది. క్యూలో కదలకుండా నిలబడినప్పుడు మాత్రం ఎంత మంచి సోల్ అయినా మెల్లగా వేడెక్కుతుంది. అలాంటప్పుడు నీడకో, తెల్ల గీత మీదికో జరగండి, అది నల్ల తారు కంటే తక్కువ కాగుతుంది.

సైజు సాయంత్రం పూట చూసుకోండి, నడిచాక పాదం ఉబ్బుతుంది. పొడుగాటి వేలి ముందు బొటనవేలి వెడల్పంత చోటు ఉండాలి, మడమ మాత్రం లేవకూడదు. వదులు చెప్పు బిగుతు చెప్పంత చెడ్డది. కనీసం రెండు మూడు వారాలు వేసుకుని తిరిగి, చివర్లో ఒకరోజు పది పన్నెండు కిలోమీటర్లు నడిచి, లోపలి అట్ట చూడండి. అయిదు వేళ్లూ ముద్ర వేసినట్టు విడివిడిగా కనిపిస్తే ఆ చెప్పు మీది. మరకలా పాకితే పట్టీలు సరిచేయించుకోండి.

అపోహ: గుడి దగ్గర విప్పాలి కాబట్టి హవాయి చెప్పులే సుఖం

విప్పడం సుఖమే, నడవడమే కష్టం. వెనక పట్టీ లేని చెప్పు జారిపోకుండా వేళ్లు రోజంతా దాన్ని గుంజి పట్టుకోవాలి. బొటనవేలి సందు ఒరుసుకుపోతుంది, పిక్కలు పట్టేస్తాయి. మూడు పట్టీలున్న శాండల్ తీసుకోండి. ముందరి రెండూ ఒకసారి సరిచేసి ఇక ముట్టుకోవద్దు. విప్పేటప్పుడు వెనక పట్టీ ఒక్కటే తీయాలి. వెల్క్రో అయితే త్వరగా వస్తుంది కానీ దుమ్మూ నూలుపోగులూ పట్టి పట్టు తప్పుతుంది, పాత టూత్‌బ్రష్‌తో రాత్రిపూట దులపాలి. బకిల్ అయితే ఏ రంధ్రంలో పెట్టారో పెన్నుతో గుర్తు వేసుకోండి. తొందరలో ఒక రంధ్రం అటూ ఇటూ అయితే మిగతా రోజంతా కాలు జారుతూనే ఉంటుంది.

అసలు ప్రమాదం విప్పినప్పుడు కాదు, తిరిగి వేసుకున్నప్పుడు. కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లి, తడి కాళ్లతో, అరికాలికి అంటిన ఇసుకతో బయటికొచ్చి, అందరూ ముందుకు వెళ్లిపోతున్నారని గబగబా పట్టీ బిగిస్తారు. చెమ్మ చర్మం, మధ్యలో ఇసుక, పైన తప్పు బిగింపు. ఇంకో అయిదు కిలోమీటర్లు చాలు. సంచి పైఅరలో ఒక నూలు తువ్వాలు పెట్టుకోండి. కూర్చుని అరికాలు దులిపి, వేళ్ల సందులు ఒక్కొక్కటీ తుడిచి, అప్పుడు వేసుకోండి. రెండు నిమిషాల పని.

విప్పిన చెప్పును ఎండలో వెల్లకిలా వదలకండి. నల్ల ఇన్‌సోల్ కాగి, వచ్చాక అదే చురక పెడుతుంది. రెండూ ఎదురెదురుగా మూసి గుడ్డ సంచిలో పెట్టండి. విప్పిన చోటి నుంచి గడప దాకా నేల కాలుతుంటే, సాక్స్ అనుమతించే చోట మందపాటి పొడి నూలు సాక్స్ కొద్ది దూరానికి సాయపడతాయి. ఒట్టి కాళ్లతో మాత్రం "ఓర్చుకుంటే అదే అలవాటవుతుంది" అనుకోవద్దు. 60 డిగ్రీల నేల మీద నిలబడితే చర్మం కాలడానికి సెకన్లు చాలు.

మిగతావి గబగబా

వాజలైన్ రాస్తే రోజంతా బొబ్బ రాదంటారు. మొదటి గంట జారుతుంది, తర్వాత పట్టు ఇంకా పెరుగుతుంది, మళ్లీ మళ్లీ రాయాల్సిందే. పౌడరు చెమటకు ముద్ద కట్టి ఇసుకలా గుచ్చుతుంది. ఆనెలు కట్టిన కాలికి బొబ్బ రాదన్నది అబద్ధం. ఆనె అంచున, దాని కింద లోతుగా వస్తుంది, చాలా నొప్పి. కాలిన చోట టూత్‌పేస్టు ఎవరు మొదలుపెట్టారో గానీ దయచేసి ఆపండి. ఇరవై నిమిషాలు మామూలు చల్లటి నీళ్లు ధారగా పోయండి, ఐసు వద్దు.

నడుస్తుండగా ఒకచోట చురుక్కుమనడం మొదలైతే వెంటనే ఆగి, తుడిచి, ఆసుపత్రుల్లో వాడే కాగితపు టేపు ముడత లేకుండా అంటించండి. బొబ్బ ఇంకా లేవలేదు, ఆపగలిగే సమయం అదే. "తర్వాతి మజిలీలో చూద్దాం" అన్నవాళ్లే నా ముందు కూర్చుంటారు.

బొబ్బ లేచిందని కంగారు పడి, కాలు పోతుందేమోనని ఏడ్చినవాళ్లనూ చూశాను. చిన్నదైతే చిదమకుండా కప్పి ఉంచితే మానుతుంది. ఎర్రదనం చుట్టూ పాకినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించాలి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ల సంగతి వేరు. వాళ్లకు చురుకూ తెలియదు, కాలుతున్నదీ తెలియదు. విరామం దొరికినప్పుడల్లా పక్కవాళ్ల చేత అరికాళ్లు చూపించుకోవాలి, చిన్న బొబ్బకైనా సొంత వైద్యం కూడదు.

ఇందాకటి పెద్దాయన మరుసటి ఏడాది మళ్లీ వచ్చారు. నేను తలెత్తలేకపోయాను. స్పాంజి పీకేసి, వెనక పట్టీ కిందికి దించి, నెల ముందుగానే చెప్పులు ఇచ్చాను. నడక ముగించుకుని వచ్చి బల్ల మీద ఆ చెప్పులే పెట్టారు. అట్ట మీద అయిదు వేళ్లూ విడివిడిగా ఉన్నాయి. కాళ్లు చూపించమన్నాను. ఎడమ కాలి చిటికెన వేలి సందులో ఒకే ఒక్క పొక్కు ఉంది.

"చివరి రోజు తుడుచుకోలేదు," అన్నారు నేను అడగకముందే.