లగ్నాధిపతి, ఫైనల్ డిస్పోజిటర్: అపోహలు - వాస్తవాలు

పాశ్చాత్య జ్యోతిషంలో చార్టు వేయించుకున్నవారిలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న, మొత్తం చార్టును నడిపించే గ్రహం ఏదని. ఈ ప్రశ్నకు రెండు వేర్వేరు జవాబులు ఉన్నాయి. జన్మ సమయంలో తూర్పున ఉదయిస్తున్న రాశికి అధిపతి లగ్నాధిపతి, అంటే చార్ట్ రూలర్. గ్రహాలను ఒకదాని వెంట ఒకటిగా వాటి రాశ్యధిపతుల దాకా అనుసరించుకుంటూ పోతే చివరకు అన్ని దారులూ వచ్చి ఆగే గ్రహం ఫైనల్ డిస్పోజిటర్. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడడం వల్ల పుట్టిన అపోహలను, ఒక నిజమైన చార్టును దగ్గర పెట్టుకుని ఇక్కడ వివరిస్తాను.

ముందుగా లెక్కకు కావలసిన పట్టిక. సింహానికి సూర్యుడు, కర్కాటకానికి చంద్రుడు, మిథున కన్యలకు బుధుడు, వృషభ తులలకు శుక్రుడు, మేష వృశ్చికాలకు కుజుడు, ధనుర్మీనాలకు గురువు, మకర కుంభాలకు శని అధిపతులు. పంచాంగం చూసే అలవాటున్న ఇంట్లో ఈ ఆధిపత్యాలు అందరికీ తెలిసినవే; పాశ్చాత్య సంప్రదాయం కూడా శతాబ్దాలుగా వీటినే పాటించింది. ఒక గ్రహం ఏ రాశిలో ఉందో ఆ రాశి అధిపతి ఆ గ్రహానికి డిస్పోజిటర్ అవుతుంది. అద్దెకున్నవారికి ఇంటి యజమాని ఎలాగో, పరాయి రాశిలో ఉన్న గ్రహానికి డిస్పోజిటర్ అలాగ. స్వక్షేత్రంలో, అంటే తన సొంత రాశిలో ఉన్న గ్రహానికి పైన మరో యజమాని లేదు కాబట్టి దారి అక్కడ ఆగిపోతుంది.

అపోహ: లగ్నాధిపతే ఫైనల్ డిస్పోజిటర్.

గాంధీజీ చార్టును తీసుకుందాం. ఆయన 1869 అక్టోబరు 2న పోరుబందరులో జన్మించారు. పాశ్చాత్యులు వాడే, రాశులను వసంత విషువత్తు నుంచి లెక్కించే సాయన గణితం ప్రకారం ఆ రోజు సూర్యుడు తులలో, చంద్రుడు సింహంలో, బుధ శుక్ర కుజులు ముగ్గురూ వృశ్చికంలో, గురువు వృషభంలో, శని ధనుస్సులో ఉన్నారు. ఇప్పుడు ఒక్కొక్క గ్రహం నుంచి బయలుదేరి చూడాలి. శని ధనుస్సులో ఉన్నాడు కనుక గురువు దగ్గరికి వెళ్తాం; గురువు వృషభంలో ఉన్నాడు కనుక శుక్రుడి దగ్గరికి; శుక్రుడు వృశ్చికంలో ఉన్నాడు కనుక కుజుడి దగ్గరికి. కుజుడు తన సొంత రాశి అయిన వృశ్చికంలోనే ఉన్నాడు, దారి ముగిసింది. చంద్రుడి నుంచి మొదలుపెడితే సూర్యుడు, సూర్యుడి నుంచి శుక్రుడు, శుక్రుడి నుంచి మళ్లీ కుజుడే. బుధుడు నేరుగా కుజుడికే చేరతాడు. కుజుడు తప్ప స్వక్షేత్రంలో మరో గ్రహం లేదు, దారి మధ్యలో ఎక్కడా పరివర్తన, అంటే రెండు గ్రహాలు ఒకదాని రాశిలో మరొకటి ఉండడం లేదు. కాబట్టి ఈ చార్టుకు కుజుడు ఎటువంటి సందేహం లేని ఫైనల్ డిస్పోజిటర్.

ఇక లగ్నాధిపతి సంగతి. గాంధీజీ జన్మ సమయాన్ని వేర్వేరు జ్యోతిషులు వేర్వేరుగా తీసుకున్నారు. ఆ ఉదయం ఏ గడియను ప్రమాణంగా పెట్టుకున్నామన్నదాన్ని బట్టి సాయన లగ్నం తుల కావచ్చు, వృశ్చికం కావచ్చు. తుల అయితే లగ్నాధిపతి శుక్రుడు, వృశ్చికం అయితే కుజుడు. లగ్నం సుమారు రెండు గంటలకు ఒక రాశి చొప్పున మారుతుంది కనుక లగ్నాధిపతి జన్మ సమయం మీద పూర్తిగా ఆధారపడి ఉంటాడు. డిస్పోజిటర్ గొలుసుకు ఆ అవసరం చాలా రోజుల్లో ఉండదు, ఎందుకంటే గ్రహాలు రోజు మొత్తం అవే రాశుల్లో ఉంటాయి. అక్టోబరు 2 ఉదయమంతా చంద్రుడు సింహంలోనే ఉన్నాడు కాబట్టి లగ్నం ఏదైనా కుజుడి స్థానం చెక్కుచెదరదు. అయితే చంద్రుడు రోజుకు సుమారు 13 డిగ్రీలు నడుస్తాడు, రెండున్నర రోజులకు కాస్త అటూ ఇటూగా రాశి మారతాడు. పుట్టిన రోజునే చంద్రుడు రాశి మారి ఉంటే గొలుసు గీసేముందు జన్మ సమయాన్ని సరిచూసుకోక తప్పదు.

పద్ధతిగా చదివేటప్పుడు నేను రెండింటికీ వేర్వేరు పనులు అప్పగిస్తాను. లగ్నాధిపతి ఆ మనిషి జీవితాన్ని ఏ వైపు నుంచి అందుకుంటాడో, ఏ భావంలో, అంటే జీవితంలోని ఏ రంగంలో ఎక్కువగా మెలుగుతాడో చెబుతాడని మా సంప్రదాయం. ఫైనల్ డిస్పోజిటర్ మిగిలిన గ్రహాల ప్రయోజనాలు చివరకు ఎవరి చేతికి చేరతాయో చెబుతాడు. రెండూ ఒకే గ్రహం అయితే ఆ గ్రహానికి బరువు పెరుగుతుంది, కాకపోతే రెండింటినీ రెండు గొంతులుగానే వినాలి.

అపోహ: చివరి గ్రహం దొరికితే చాలు, దారితో పనిలేదు.

నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించే అపోహ ఇదే, ఎందుకంటే గొలుసులో ఉన్న అసలైన సమాచారమంతా మధ్యలోనే ఉంటుంది. గాంధీజీ చార్టును మరోసారి చూడండి. కుజుడికి నేరుగా చేరేవారు బుధుడు, శుక్రుడు ఇద్దరే. సూర్యుడు, చంద్రుడు, గురువు, శని నలుగురూ శుక్రుడి గుండానే కుజుడిని చేరుతున్నారు. అంటే చివరి మాట కుజుడిదే అయినా, ఆ మాట దగ్గరికి వెళ్లే ద్వారం శుక్రుడి చేతిలో ఉంది. పైగా ఆ శుక్రుడు తన వృషభానికి ఎదుటి రాశి అయిన వృశ్చికంలో ఉన్నాడు. సంప్రదాయం దాన్ని శుక్రుడికి అననుకూల స్థానంగా లెక్కిస్తుంది. కోరికనూ అనురాగాన్నీ సూచించే గ్రహం, పోరాటాన్ని సూచించే గ్రహం ఇంట్లో ఉండి, మిగతా నలుగురినీ అటువైపే నడిపిస్తోందని చదవాలి. కేవలం "కుజుడు ఫైనల్ డిస్పోజిటర్" అని రాసి ఊరుకుంటే ఈ సంగతి మొత్తం పోతుంది. అందుకే గొలుసు గీసేటప్పుడు బాణాలు ఎక్కువగా వచ్చి చేరే గ్రహం ఏదో ప్రత్యేకంగా గుర్తించి, దాని స్థితిని చివరి గ్రహం స్థితితో సమానంగా పరిశీలించాలి.

అపోహ: ప్రతి చార్టులోనూ ఒక ఫైనల్ డిస్పోజిటర్ ఉండి తీరుతుంది.

ఉండదు. ఏ గొలుసుకైనా రెండే ముగింపులు సాధ్యం: స్వక్షేత్రంలో ఉన్న గ్రహం దగ్గర ఆగడం, లేదా కొన్ని గ్రహాల మధ్య చుట్టూ తిరుగుతూ ఉండిపోవడం. స్వక్షేత్రంలో రెండు గ్రహాలుంటే రెండు ముగింపులుంటాయి, చార్టు రెండు గుంపులుగా చీలుతుంది. సింహంలో సూర్యుడు, కన్యలో బుధుడు ఉండడం ఆగస్టులో పుట్టినవారిలో తరచుగా కనిపిస్తుంది. సూర్యుడు సొంత ఇంట్లో ఉన్నాడు కాబట్టి ఆయనే అంతిమ అధిపతి అని వారికి చెప్పడం తప్పు.

చుట్టు తిరిగే గొలుసుకు ఐన్‌స్టీన్ చార్టు చక్కని ఉదాహరణ. ఆయన 1879 మార్చి 14న ఉదయం 11:30కి జర్మనీలోని ఉల్మ్‌లో జన్మించారు, లగ్నం కర్కాటకం. లగ్నాధిపతి చంద్రుడు ధనుస్సులో ఉన్నాడు, కాబట్టి గురువు దగ్గరికి పోతాం. గురువు కుంభంలో, అంటే శని. శని మేషంలో, అంటే కుజుడు. కుజుడు మకరంలో, అంటే మళ్లీ శని. మీనంలోని సూర్యుడు గురువు మీదుగా, మేషంలోని బుధ శుక్రులు కుజుడి మీదుగా ఇదే జంటకు చేరతారు. దీనికి ఒకే రాజు లేడు, శని కుజుల పరివర్తన ఉంది. ఇద్దరిలో ఒకరిని బలవంతంగా ఎంచుకోకూడదు. ఇద్దరి స్థితి మాత్రం సమానం కాదని గమనించాలి. మకరం కుజుడికి ఉచ్చ రాశి, మేషం శనికి నీచ రాశి. ఈ జంటలో కుజుడు బలంగా ఇస్తాడు, శని అంత బలంగా తిరిగి ఇవ్వలేడు.

అపోహ: ఫైనల్ డిస్పోజిటర్ అంటే శుభ గ్రహం, అదృష్ట గ్రహం.

స్వక్షేత్రంలో ఉన్న గ్రహానికి తన పని తాను చేసుకునే శక్తి ఉంటుంది, అంతే. ఆ పని అందరికీ సుఖంగా ఉంటుందనే హామీ ఏమీ లేదు. దృష్టులు, భావం, ఇతర గ్రహాలతో కలయికలు గొలుసులోకి అసలు రావు. అది రాశి ఆధిపత్యాలను మాత్రమే చూపుతుంది. గొలుసును చూసి సంఘటనలు చెప్పేవారిని నమ్మవద్దు.

అపోహ: యురేనస్, నెప్ట్యూన్, ప్లూటోలను కలుపుకున్నా ఫలితం అదే వస్తుంది.

యురేనస్ 1781లో, నెప్ట్యూన్ 1846లో, ప్లూటో 1930లో కనుగొనబడ్డాయి. ఆధునికులు కుంభం, మీనం, వృశ్చికాలను క్రమంగా వీటికి అప్పగించారు. గాంధీజీ చార్టులో ఇది పునాదినే కదిలిస్తుంది. వృశ్చికానికి ప్లూటోను అధిపతిగా తీసుకుంటే కుజుడు ఇక స్వక్షేత్రంలో లేడు. వృశ్చికంలోని బుధ శుక్ర కుజులు ప్లూటో దగ్గరికి వెళ్తారు. 1869లో ప్లూటో వృషభంలో ఉంది కనుక అక్కడి నుంచి శుక్రుడి దగ్గరికి, శుక్రుడి నుంచి మళ్లీ ప్లూటో దగ్గరికి వస్తాం. అంతిమ అధిపతి మాయమై శుక్ర ప్లూటోల పరివర్తన మిగులుతుంది. ఐన్‌స్టీన్ చార్టులో మాత్రం ఏ పద్ధతి వాడినా శని కుజుల జంటే వస్తుంది. నేను ఏడు గ్రహాల పద్ధతినే వాడతాను, ఎందుకంటే ప్లూటో ఒక్కో రాశిలో పన్నెండు నుంచి ముప్పై ఏళ్ల దాకా ఉంటుంది. ఒక తరం మొత్తానికి ఉమ్మడిగా ఉన్న స్థానాన్ని ఒక మనిషి చార్టుకు అంతిమ అధిపతిగా కూర్చోబెట్టడం నాకు సమంజసంగా తోచదు. మీరు ఏది ఎంచుకున్నా గొలుసు మొదటి నుంచి చివరి దాకా ఒకే పట్టికతో గీయండి. వెబ్‌సైటులో లేదా సాఫ్ట్‌వేర్‌లో చార్టు తీసుకున్నప్పుడు కుంభానికి అధిపతిగా శనిని చూపుతోందా, యురేనస్‌ను చూపుతోందా అన్నది చూస్తే ఏ పట్టిక నడుస్తోందో తెలిసిపోతుంది.

అపోహ: మన జాతక చక్రంలోని రాశులతోనే ఈ గొలుసు గీయవచ్చు.

తెలుగువారు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. ఇంట్లో ఉన్న జాతకం, రాశులను స్థిర నక్షత్రాల ఆధారంగా లెక్కించే నిరయన గణితంతో వేసినది, పాశ్చాత్య చార్టు సాయనం. గాంధీజీ కాలానికి రెండింటి మధ్య తేడా సుమారు 22 డిగ్రీలు. నిరయనంలో ఆయన చంద్రుడు స్వక్షేత్రమైన కర్కాటకంలోకి, బుధ శుక్ర కుజులు తులలోకి వెనక్కి జరుగుతారు. అప్పుడు శుక్రుడు కూడా స్వక్షేత్రంలోనే ఉంటాడు, ముగింపులు రెండవుతాయి, కుజుడు మధ్య మెట్టు మాత్రమే అవుతాడు. రెండు గణితాల్లో ఏదో ఒకటి తప్పని దీని అర్థం కాదు. సాయన స్థానాలతో మొదలుపెట్టిన గొలుసును సాయనంలోనే ముగించాలి, నిరయన స్థానాలతో మొదలుపెట్టినదాన్ని నిరయనంలోనే ముగించాలి.