పేరు కొట్టాక, పేజీ వచ్చేలోపు: డీఎన్ఎస్ మీద నాలుగు అపోహలు

ఒంగోలులో చిన్న ఆఫీసుల వెబ్‌సైట్లు, నెట్‌వర్కులు చూసుకోవడం నా పని. మొన్న చీమకుర్తి నుంచి ఒక గ్రానైట్ వ్యాపారి ఫోన్ చేశాడు. "అన్నా, సైటు కొత్త సర్వర్‌కి మార్చానన్నావు. నా ఫోన్లో కొత్తది వస్తోంది, ఆఫీసు కంప్యూటర్లో ఇంకా పాతదే ఉంది. పని సగంలో ఆపేశావా ఏంది?"

ఆపలేదు. సైటు పేరు కొడితే దాని సర్వర్ అడ్రస్ వెతికిచ్చే డీఎన్ఎస్ పద్ధతి వల్లే అలా కనిపించింది. ఇలాంటి ఫోన్లు తరచూ వస్తాయి కాబట్టి ఈసారి రాసి పెడుతున్నా.

అపోహ: పేరు కొట్టిన ప్రతిసారీ ఎక్కడో ఉన్న పెద్ద సర్వర్‌ని అడిగి అడ్రస్ తెస్తారు.

నిజానికి అంత దూరం వెళ్లే అవసరం చాలాసార్లు రాదు. బ్రౌజర్ ముందు తన దగ్గర చూసుకుంటుంది, తర్వాత కంప్యూటర్ చూసుకుంటుంది. రెండుచోట్లా లేకపోతే ప్రశ్న మన తరఫున అడ్రస్ వెతికే రిజాల్వర్ అనే సర్వర్‌కి వెళుతుంది. ఇది మామూలుగా మీ నెట్ కంపెనీదే. దాని దగ్గర కూడా జవాబు లేకపోతేనే అసలు తిరుగుడు మొదలవుతుంది. అన్నిటికన్నా పైనుండే రూట్ సర్వర్‌ని అడిగితే అది అడ్రస్ చెప్పదు, `.com` సంగతి చూసే సర్వర్లు ఫలానా అంటుంది. అక్కడికి వెళితే ఈ డొమైన్ అడ్రస్ రికార్డులు ఉంచే నేమ్‌సర్వర్లు ఫలానా అంటారు. చివరికి ఆ నేమ్‌సర్వర్ ఐపీ అడ్రస్ ఇస్తుంది. ఇదంతా సెకనులో చిన్న ముక్క. పైగా `.com` సర్వర్లు ఎక్కడున్నాయో రిజాల్వర్‌కి ముందే గుర్తుంటుంది కాబట్టి రూట్ దాకా వెళ్లడం అరుదు.

అపోహ: అడ్రస్ మారిస్తే అది ప్రపంచమంతా పాకడానికి 48 గంటలు పడుతుంది.

మా వాళ్లే ఎక్కువగా చెప్పే మాట ఇది, నేనూ కొన్నేళ్లు చెప్పాను. ఏదీ పాకదు. కొత్త అడ్రస్‌ని ఎవరూ ఎవరికీ పంపరు. పాత జవాబు దాచుకున్న రిజాల్వర్లు గడువు తీరాక మళ్లీ వచ్చి అడుగుతాయి, అంతే. ఆ గడువు పేరు టీటీఎల్. సెకన్లలో ఉంటుంది, జవాబుతో పాటే వస్తుంది.

చీమకుర్తి ఆఫీసులో జరిగింది ఇదే. పాత రికార్డు టీటీఎల్ 86400, అంటే ఒక రోజు. నేను ఉదయం 10 గంటలకు అడ్రస్ మార్చాను. 10:20కి వాళ్ల కంప్యూటర్ నుంచి `dig` అనే కమాండ్‌తో అడిగి చూశాను (డొమైన్, అడ్రస్ ఇక్కడ మార్చి రాస్తున్నా):

```
dig example.com A
example.com.  81000  IN  A  192.0.2.10
```

81000 సెకన్లు, అంటే ఇరవై రెండున్నర గంటలు మిగిలి ఉంది. వెనక్కి లెక్కేస్తే 8:50కి ఆ నెట్ కంపెనీ లైను మీద ఎవరో సైటు తెరిచారు, అప్పుడు రిజాల్వర్ పాత అడ్రస్ దాచుకుంది. మరుసటి రోజు 8:50 దాకా అది వదలదు. ఫోన్ వాడేది వేరే కంపెనీ డేటా. ఆ రిజాల్వర్ దగ్గర పాత జవాబు లేదు, కాబట్టి నేరుగా కొత్తది తెచ్చుకుంది. మళ్లీ అడిగినప్పుడు ఆ అంకె తగ్గుతూ ఉంటే చూస్తున్నది దాచుకున్న జవాబని అర్థం. `dig`లో `@` తర్వాత అసలు నేమ్‌సర్వర్ పేరు పెట్టి నేరుగా దాన్నే అడిగితే ఎప్పుడూ పూర్తి టీటీఎల్ కనిపిస్తుంది.

48 గంటల మాటకు మూలం లేకపోలేదు. `.com` సర్వర్లు ఇచ్చే నేమ్‌సర్వర్ల వివరానికి టీటీఎల్ 172800, అంటే రెండు రోజులు. నేమ్‌సర్వర్లనే మార్చినప్పుడు ఆ లెక్క పనికొస్తుంది. అడ్రస్ ఒక్కటే మార్చినప్పుడు దాన్ని పట్టుకోవడం సరికాదు.

అపోహ: హిస్టరీ తీసేస్తే, `ipconfig /flushdns` కొడితే సరిపోతుంది.

ఆ కమాండ్ మీ కంప్యూటర్ దాచుకున్నదే తుడుస్తుంది. పాత జవాబు నెట్ కంపెనీ రిజాల్వర్‌లో ఉంటే మళ్లీ అదే వస్తుంది. మా గ్రానైట్ ఆయన మూడుసార్లు కంప్యూటర్ ఆపి వేశాడు, పాపం. తాత్కాలికంగా రిజాల్వర్ మార్చి చూడొచ్చు, కానీ కొనేవాళ్ల కంప్యూటర్లలో మనం మార్చలేం కదా. అందుకే పాత సర్వర్‌ని రెండు రోజులు నడిపించాం. ఆ రోజు రెండు ఎంక్వైరీలు పాత సర్వర్ ఫారంలోనే పడ్డాయి, తీసి పంపాను.

అపోహ: కొత్త పేరుకు రికార్డు ఇంకా పెట్టకపోయినా, ఒకసారి తెరిచి చూస్తే పోయేదేం లేదు.

పోతుంది. "ఆ పేరు లేదు" అనే జవాబును కూడా రిజాల్వర్ దాచుకుంటుంది. ఎంతసేపన్నది ఆ డొమైన్ మొత్తానికి సెట్టింగులుండే ఎస్ఓఏ రికార్డును బట్టి ఉంటుంది. అక్కడ 3600 ఉంటే, మీరు రెండు నిమిషాల్లో రికార్డు పెట్టేసినా ఆ రిజాల్వర్ గంటసేపు లేదనే అంటుంది. టెన్షన్‌లో రిఫ్రెష్ కొడుతూ కూర్చున్నా లాభం లేదు. ముందు రికార్డు పెట్టండి, తర్వాతే తెరవండి.

ఇప్పుడు సర్వర్ మార్చే ముందు నేను టీటీఎల్‌ని 300కి దించుతున్నా. మార్చే రోజు ఉదయం దించితే ప్రయోజనం లేదు, ఎందుకంటే అప్పటికే దాచుకున్న జవాబుల మీద పాత 86400 ఉంటుంది. కనీసం ఒక రోజు ముందే దించాలి. చీమకుర్తి సైటుకు నేను మరిచిపోయింది అదే, ఆ మాట ఆయనతో ఒప్పుకున్నాను కూడా.