అకౌంటెంట్‌కు రాసే లెక్కల ఉత్తరం: అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల వైపు చిన్న వర్క్‌షాపులకు నేను లెక్కలు చూస్తాను. ఏటా ఏప్రిల్‌లో ఓనర్ల నుంచి ఒక్కో కాగితం వస్తుంది, ఈ మధ్య అయితే వాట్సాప్‌లో ఫొటో తీసి పంపేస్తున్నారు. ట్యాక్స్ లెక్క కట్టడానికి కావాల్సిన అంకెలన్నీ అందులో ఉండాలి. 2025 ఏప్రిల్ 25న, 2024-25 సంవత్సరానికి, బాలానగర్‌లో ప్యానెల్ బాక్సులు చేసే ఒకాయన పంపిన ఉత్తరం తీసుకుని చెబుతాను, ఎందుకంటే చాలామందిలో ఉన్న అపోహలన్నీ ఆ ఒక్క కాగితంలోనే దొరికాయి. అంకెలు కొంచెం సర్ది రౌండుగా రాస్తున్నాను.

ఆయన రాసింది ఇది: "సార్, జీఎస్టీ తీసేసి అమ్మకాలు 80 లక్షలు. కొన్న మాలు, జాబ్ వర్క్ కలిపి 50 లక్షలు. జీతాలు, అద్దె, కరెంటు వగైరా 22 లక్షలు. మెషిన్ ఈఎంఐ 4 లక్షల 80 వేలు. స్టాక్ నిరుడు ఉన్నంతే ఉంది, 6 లక్షలే వేసుకోండి. లాభం 3 లక్షల 20 వేలు వస్తోంది, ట్యాక్స్ ఎంతో చెప్పండి."

అమ్మకాలు జీఎస్టీ లేకుండా ఇచ్చారు, ఆ ఏడాది నెలనెలా వేసిన జీఎస్టీ రిటర్న్ జీఎస్టీఆర్-3బీల మొత్తంతో సరిపోయింది, అక్కడ పేచీ లేదు. మిగతా వాటి దగ్గరే ఆగాల్సి వచ్చింది.

అపోహ: స్టాక్ అంటే అందాజుగా ఒక అంకె, నిరుటిదే వేస్తే సరిపోతుంది.

లాభాన్ని ఎక్కువగా కదిలించే అంకె ఇదే. కొన్న 50 లక్షల మాలులో ఎంత వాడేశారో తెలిస్తేనే ఖర్చు తెలుస్తుంది, ఎంత వాడారో తెలియాలంటే మార్చి 31 రాత్రికి ఎంత మిగిలిందో లెక్కపెట్టాలి. ఆయన ఆ రోజు లెక్కపెట్టలేదు. అందుకని మర్నాడే, 26న, నేనూ ఆయన కొడుకూ కలిసి షెడ్డులో నిలబడి లెక్కపెట్టాం. ఏప్రిల్‌లో వాడిన మాలును కొన్న ధరకు కలిపి, ఏప్రిల్‌లో కొత్తగా దిగిన షీట్లను తీసేసి, మార్చి 31 నాటి లెక్కకు వెనక్కి వచ్చాం.

షీట్లను తూకం వేయక్కర్లేదు. ఎనిమిది బై నాలుగు అడుగుల 1.2 ఎంఎం స్టీల్ షీట్ ఒక్కోటి దాదాపు 28 కిలోలు ఉంటుంది. 140 షీట్లు ఉన్నాయి, అంటే 3,920 కిలోలు, బిల్లు ప్రకారం కిలో 65 రూపాయలకు కొన్నారు, మొత్తం 2,54,800. మిగతా మందాల షీట్లు, యాంగిళ్లు కలిపితే 5 లక్షల 50 వేలు అయింది. సగం చేసి పెట్టిన బాక్సులు, వాటిలో పడిన షీటు, కూలి కలిపి, 1 లక్షా 30 వేలు. ఇక్కడితో అయిపోయిందనుకున్నాం, అప్పుడు ఆయన కొడుకు "సార్, పౌడర్ కోటింగ్‌కు పంపినవి ఉన్నాయి కదా" అన్నాడు. జీడిమెట్లలో వాళ్ల దగ్గరున్న బాక్సులు మరో 2 లక్షల 20 వేలు. జాబ్ వర్క్‌కు, అంటే బయటివాళ్ల చేత పని చేయించడానికి, వెళ్లిన మాలు మన షెడ్డులో లేకపోయినా మన స్టాకే, పంపిన చలాన్లు చూస్తే ఎన్ని తిరిగి రాలేదో తెలిసిపోతుంది. మొత్తం 9 లక్షలు. ధర ఎప్పుడూ కొన్న ఖర్చు, మార్కెట్లో వచ్చే ధర, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది వేస్తాం.

ఆ 3 లక్షల తేడా అంతా లాభంలో కలిసింది. స్టాక్ తక్కువ చూపితే ట్యాక్స్ మిగులుతుందనుకునే వాళ్లు గమనించాల్సింది ఏమిటంటే, ఈ ఏటి ముగింపు స్టాకే వచ్చే ఏటికి ఆరంభ స్టాక్, ఇక్కడ దాచిన లాభం అక్కడ తేలుతుంది. పైగా ఆయనకు బ్యాంకులో సీసీ లిమిట్, అంటే స్టాక్ చూపించి వాడుకునే అప్పు, ఉంది, మార్చి నెల స్టాక్ స్టేట్‌మెంట్‌లో ఆయనే సంతకం పెట్టి 9 లక్షల పైచిలుకు చూపించారు. బ్యాంకుకు ఒకటి, ఇన్‌కమ్ ట్యాక్స్‌కు ఒకటి ఇస్తే ఆ తేడాకు జవాబు చెప్పడం చాలా కష్టం. అందుకే ఉత్తరంతో పాటు ఆ స్టేట్‌మెంట్ కాపీ కూడా అడుగుతాను.

అపోహ: ఈఎంఐ అంతా ఖర్చే.

డబ్బు అకౌంట్ నుంచి పోయింది కాబట్టి ఖర్చు అనిపిస్తుంది. కానీ అసలు తీర్చడం అంటే అప్పు తగ్గించుకోవడమే, ఖర్చు కాదు. వడ్డీ మాత్రమే ఖర్చు. బ్యాంకు ఇచ్చే లోన్ స్టేట్‌మెంట్‌లో రెండూ విడిగా ఉంటాయి. ఆయనది తెప్పిస్తే వడ్డీ 1 లక్షా 70 వేలు, అసలు 3 లక్షల 10 వేలు. బదులుగా మెషిన్ మీద తరుగుదల వస్తుంది, యంత్రాలకు ఏడాదికి 15 శాతం. నిరుటి రిటర్న్‌లో మిగిలిన విలువ 12 లక్షలు కాబట్టి 1 లక్షా 80 వేలు. అంటే 4 లక్షల 80 వేల బదులు 3 లక్షల 50 వేలే ఖర్చు కింద వెళ్లింది. ఏడాది మధ్యలో కొత్త మెషిన్ కొంటే, దాన్ని వాడటం మొదలుపెట్టిన తేదీ కూడా రాయాలి, 180 రోజులకన్నా తక్కువ వాడితే తరుగుదల సగమే.

అపోహ: బిల్లు వచ్చింది కదా, డబ్బు ఎప్పుడిచ్చినా ఖర్చు ఖర్చే.

2023-24 నుంచి ఇది మారింది, ఇప్పటికీ చాలామంది ఓనర్లకు తెలియదు. చిన్న పరిశ్రమలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న మైక్రో, స్మాల్ యూనిట్ మనకు మాలు తయారుచేసి ఇచ్చినా, సర్వీస్ చేసినా, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే అందులో రాసుకున్న గడువులో, అది కూడా 45 రోజులకు మించకుండా, చెల్లించాలి. గడువు దాటి, మార్చి 31కి కూడా బాకీ ఉండిపోతే ఆ ఖర్చు ఆ ఏడాది రాదు, డబ్బు ఇచ్చిన ఏడాదికి వెళుతుంది. 1961 నాటి ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టంలో ఇది సెక్షన్ 43బీ(హెచ్).

ఆయన బాకీల్లో రెండు పెద్దవి ఉన్నాయి. రాణిగంజ్ షీట్ల వ్యాపారికి 2 లక్షల 40 వేలు, పౌడర్ కోటింగ్ వాళ్లకు 1 లక్షా 60 వేలు. మొదటాయన కొని అమ్మే వ్యాపారి, ఈ రూలు కిందకు రాడు, ఆయన బాకీతో ఇబ్బంది లేదు. కోటింగ్ వాళ్లది మైక్రో యూనిట్, జనవరి 20న పని అప్పగించారు, ఒప్పందం ఏమీ లేదు, ఫిబ్రవరి 4కల్లా ఇవ్వాల్సింది ఏప్రిల్ 22న ఇచ్చారు. ఆ 1 లక్షా 60 వేలు లాభంలో కలపాల్సి వచ్చింది. ఆ ఖర్చు పోయినట్టు కాదు, 2025-26లో తీసుకోవచ్చు, కానీ 2024-25కి దాని మీద ట్యాక్స్ కట్టక తప్పదు. ఉత్తరంలో "బాకీలు 4 లక్షలు" అని ఒక్క అంకె రాస్తే నాకు ఇదేమీ తెలియదు. ఒక్కో బిల్లుకు తేదీ, మొత్తం, ఎదుటివాళ్లు తయారీదారా, సర్వీసా, వ్యాపారా, ఉద్యమ్ సర్టిఫికెట్‌లో ఏ కేటగిరీ, డబ్బు ఎప్పుడిచ్చారు, ఇవన్నీ రాయాలి.

ఇప్పుడు కలిపి చూడండి. ఆయన చెప్పిన లాభం 3 లక్షల 20 వేలు. స్టాక్ వల్ల 3 లక్షలు, ఈఎంఐ సరిచేస్తే 1 లక్షా 30 వేలు, కోటింగ్ బిల్లు 1 లక్షా 60 వేలు. అసలు లెక్క 9 లక్షల 10 వేలు. వాళ్లది ప్రైవేట్ లిమిటెడ్, 22 శాతం స్కీమ్ ఎంచుకున్నారు, సర్‌చార్జి, సెస్ కలిపితే 25.168 శాతం. ఆయన లెక్కన ట్యాక్స్ సుమారు 80,500, నిజంగా కట్టాల్సింది సుమారు 2,29,000.

అపోహ: ఈ ఉత్తరం ఏడాది అయిపోయాక రాస్తే చాలు.

ట్యాక్స్‌ను ఏడాది నడుస్తుండగానే వాయిదాల్లో ముందుగా కట్టాలి, అదే అడ్వాన్స్ ట్యాక్స్. ఆయన మార్చి 15లోపు తన లెక్క ప్రకారం 80 వేలే కట్టారు. కట్టాల్సిన దాంట్లో 90 శాతం మార్చి 31లోపు కట్టకపోతే, ఏప్రిల్ నుంచి తక్కువపడిన మొత్తం మీద నెలకు ఒక శాతం వడ్డీ పడుతుంది, ఆయనకు నెలకు 1,490 రూపాయలు. వాయిదాల్లో తక్కువ కట్టినందుకు పడే వడ్డీ వేరే. ఫిబ్రవరి చివర్లో ఇవే అంకెలు, స్టాక్ ఉజ్జాయింపుగా అయినా లెక్కపెట్టి పంపి ఉంటే, కోటింగ్ బిల్లు మార్చిలోనే తీర్చేయమని చెప్పేవాణ్ని. గడువు దాటినా మార్చి 31లోపు ఇచ్చేస్తే ఆ 1 లక్షా 60 వేలు అదే ఏడాది ఖర్చు కింద నిలిచేవి, ఒక్క దాని మీదే 40 వేల పైగా ట్యాక్స్ ఆ ఏడాదికి తగ్గేది. ఇప్పుడు ఆయన రెండు ఉత్తరాలు పంపుతున్నారు, ఒకటి ఫిబ్రవరి 25కి, రెండోది ఏప్రిల్ మొదటి వారంలో స్టాక్ షీట్ జతచేసి.